కీటకాల వాయునాళ వ్యవస్థ: వాయు వినిమయం, శరీర పరిమాణం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- శ్వాసరంధ్రం నుంచి కణం వరకు ఆక్సిజన్ ప్రయాణించే మార్గాన్ని వర్ణించగలుగుతారు.
- గాలిలోనూ నీటిలోనూ విసరణ వేగానికి ఉన్న తేడాను, దాని ఫలితాలను వివరించగలుగుతారు.
- ఒక గొంగళిపురుగుకు విసరణ ఒక్కటే సరిపోతుందో లేదో లెక్కగట్టి చూపగలుగుతారు.
- శరీరం పెరిగేకొద్దీ వాయునాళ వ్యవస్థకు ఎదురయ్యే ఇబ్బందులను, కీటకాలు వాటిని ఎంతవరకు అధిగమిస్తాయో చర్చించగలుగుతారు.

1. పరిచయం

సకశేరుకాల్లో ఆక్సిజన్ రవాణా రెండు అంచెలుగా జరుగుతుంది. మొదట ఊపిరితిత్తులు లేదా మొప్పల దగ్గర ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. తరువాత రక్తం దాన్ని కణజాలాలకు మోసుకుపోతుంది. కీటకాల్లో ఈ రెండో అంచె దాదాపు లేదు. వాటి రక్తాన్ని హీమోలింఫ్ అంటాం. అది పోషకాలను, హార్మోన్లను, వ్యర్థాలను మోస్తుంది గాని, చాలా కీటకాల్లో ఆక్సిజన్ రవాణాలో దాని పాత్ర నామమాత్రమే. కైరోనోమస్ డింభకం వంటి కొద్ది కీటకాల్లో మాత్రమే హీమోగ్లోబిన్ ఉంటుంది. బొద్దింక రక్తం ఎర్రగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

మరి కణాలకు ఆక్సిజన్ ఎలా అందుతుంది? గాలే గొట్టాల ద్వారా కణం దాకా వెళుతుంది. ఈ గొట్టాల అల్లికే వాయునాళ వ్యవస్థ. ఈ ఏర్పాటు చిన్న శరీరానికి ఎంతో అనుకూలమైనది. శరీరం పెద్దదయ్యేకొద్దీ అదే ఏర్పాటు భారమవుతుంది. ఎందుకు భారమవుతుందో, ఎంత భారమవుతుందో అర్థం చేసుకోవడమే ఈ పాఠం ముఖ్యోద్దేశం.

2. శ్వాసరంధ్రం నుంచి కణం వరకు

బొద్దింక (పెరిప్లానెటా అమెరికానా) దేహానికి ఇరువైపులా పది జతల శ్వాసరంధ్రాలు ఉంటాయి. వాటిలో రెండు జతలు వక్షంలో, ఎనిమిది జతలు ఉదరంలో ఉంటాయి. తలపై ఒక్కటి కూడా ఉండదు. అందుకే బొద్దింక తలను మాత్రమే నీటిలో ముంచితే దానికి ఊపిరి ఆడకపోవడమనేది ఉండదు. దేహం పక్కల ఉన్న శ్వాసరంధ్రాలను నూనెతో మూసివేస్తే మాత్రం, తల బయట గాలిలో ఉన్నా అది చనిపోతుంది.

ప్రతి శ్వాసరంధ్రం చుట్టూ పెరిట్రీమ్ అనే గట్టి వలయం ఉంటుంది. రంధ్రం లోపల ఏట్రియం అనే చిన్న గది, ధూళిని అడ్డుకునే సన్నని రోమాలు, కండరాల సాయంతో తెరుచుకుని మూసుకునే కవాటం ఉంటాయి. శ్వాసరంధ్రం కేవలం ఒక కన్నం కాదు, నియంత్రణ గల ద్వారం అని దీన్నిబట్టి తెలుస్తుంది.

శ్వాసరంధ్రం లోపలికి తెరుచుకునే గొట్టమే వాయునాళం. పిండదశలో బాహ్యచర్మం లోపలికి ముడుచుకుని వాయునాళాలు ఏర్పడతాయి. అందువల్ల దేహం పైన ఉన్నట్లే వాయునాళం లోపలి గోడకు కూడా అవభాసిని పొర ఉంటుంది. దీన్ని ఇంటిమా అంటారు. ఈ పొర మందం కొన్నిచోట్ల పెరిగి, సర్పిలాకారపు తీగ చుట్టినట్లు టీనీడియాలుగా రూపొందుతుంది. గొట్టాన్ని వంచినా, చుట్టుపక్కల కండరాలు నొక్కినా అది ముడుచుకుని మూసుకుపోకుండా ఇవి కాపాడతాయి. నీళ్లు తోడే మోటారుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టంలో తీగచుట్ట చేసే పని కూడా ఇదే.

వాయునాళాలు శాఖోపశాఖలుగా చీలుతూ చివరకు వాయునాళికలు అనే అతి సన్నని గొట్టాలుగా మారతాయి. వీటి వ్యాసం సుమారు ఒక మైక్రోమీటరు నుంచి మొదలై చివరలో 0.2 మైక్రోమీటరు వరకు తగ్గుతుంది. వాయునాళికలు కణాల నడుమ వ్యాపించి, ఆక్సిజన్ అవసరం ఎక్కువగా ఉండే ఎగిరే కండరాల్లో కండర తంతువుల ఉపరితలపు ముడతల్లోకి కూడా చొచ్చుకుపోతాయి. ఇవి చివర మూసుకుని ఉంటాయి. అంటే గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి బయటికి పోయే మార్గం ఇక్కడ లేదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. పరిమాణానికి సంబంధించిన చర్చలో ఇది మళ్లీ వస్తుంది.

చాలా కీటకాల్లో విశ్రాంతి సమయంలో వాయునాళికల కొసల్లో కొద్దిగా ద్రవం ఉంటుంది. కండరం శ్రమించినప్పుడు జీవక్రియా పదార్థాలు పోగుపడి కణజాలంలో ద్రవాభిసరణ పీడనం పెరుగుతుంది. అప్పుడు ఆ ద్రవం కణజాలంలోకి పీల్చుకోబడి, దాని స్థానంలోకి గాలి వస్తుంది. అవసరమున్న చోటికే గాలి మరింత దగ్గరగా చేరుతుందన్నమాట. ఈ మార్పును విగిల్స్‌వర్త్ అనే కీటక శరీరధర్మ శాస్త్రవేత్త 1930 ప్రాంతంలో వర్ణించాడు.

ప్రయోగశాల గమనిక: బొద్దింకను విచ్ఛేదనం చేసేటప్పుడు నీటిలో మెరిసే వెండి దారాలు కనిపిస్తాయి. అవే వాయునాళాలు. ఆ మెరుపు గొట్టం గోడది కాదు, లోపల ఉన్న గాలిది. లోపలికి నీరు చేరితే మెరుపు పోయి గొట్టం కనిపించకుండా పోతుంది. కాబట్టి వాయునాళాలను మొదటే గుర్తించి చిత్రం గీసుకోవాలి.

3. శ్వాసరంధ్రాలు ఎప్పుడూ తెరిచి ఎందుకు ఉండవు?

ఆక్సిజన్ లోపలికి రావడానికి పనికొచ్చే ద్వారం గుండానే నీటి ఆవిరి బయటికి పోతుంది. వాయునాళాల లోపలి గాలి తేమతో నిండి ఉంటుంది. బయటి గాలి సాధారణంగా పొడిగా ఉంటుంది. చిన్న శరీరంలో నీటి నిల్వ కొద్దిగానే ఉంటుంది కనుక ఈ నష్టం ప్రమాదకరం. అందుకే కీటకం తనకు కావలసినంత మేరకే శ్వాసరంధ్రాలను తెరుస్తుంది.

తెరవడానికి ప్రధాన సంకేతం కార్బన్ డయాక్సైడ్. విశ్రాంతిగా ఉన్న కీటకాన్ని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిపిన గాలిలో ఉంచితే శ్వాసరంధ్రాలు తెరుచుకునే ఉండిపోతాయి. పొడి గాలిలో అలా ఉంచినప్పుడు అది నీటిని త్వరగా కోల్పోతుంది. ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు కూడా రంధ్రాలు తెరుచుకుంటాయి.

దీనివల్ల పరిమాణానికి సంబంధించి ఒక ముఖ్యమైన పరిణామం ఉంది. పెద్ద కీటకం ఎక్కువ ఆక్సిజన్ కోసం మరిన్ని, మరింత వెడల్పైన రంధ్రాలను ఎల్లప్పుడూ తెరిచి ఉంచుకోవడం అంత సులువైన పరిష్కారం కాదు. దానికి నీటి రూపంలో మూల్యం చెల్లించవలసి ఉంటుంది.

4. విసరణ: దూరం, కాలం

ఒక వాయువు అణువులు తమ సహజ చలనం వల్ల ఎక్కువ పాక్షిక పీడనం ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వ్యాపించడమే విసరణ. దీనికి కీటకం శక్తి ఖర్చు చేయనవసరం లేదు. అయితే విసరణకు రెండు లక్షణాలు ఉన్నాయి.

మొదటిది, మాధ్యమాన్ని బట్టి వేగం మారుతుంది. ఆక్సిజన్ నీటిలో కంటే గాలిలో దాదాపు పదివేల రెట్లు వేగంగా విసరణ చెందుతుంది. పైగా ఒక లీటరు గాలిలో సుమారు 210 మి.లీ. ఆక్సిజన్ ఉంటే, గది ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు నీటిలో ఆరేడు మి.లీ. మాత్రమే కరిగి ఉంటుంది. ఈ రెండూ కలిసి గాలి గొట్టాన్ని అదే కొలతగల నీటి గొట్టం కంటే లక్షల రెట్లు మెరుగైన ఆక్సిజన్ మార్గంగా చేస్తాయి.

రెండోది, పట్టే కాలం దూరంతో సమానంగా కాక, దూరపు వర్గంతో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు, దూరం పదింతలైతే కాలం వందింతలు అవుతుంది. నీటిలో ఒక మి.మీ. దూరం విసరణ చెందడానికి ఆక్సిజన్‌కు సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. అదే నీటిలో 10 మైక్రోమీటర్ల దూరానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. గాలిలో ఒక మి.మీ. దూరానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది.

ఇప్పుడు వాయునాళ వ్యవస్థ నిర్మాణంలోని తర్కం మీకు స్పష్టమవుతుంది. మి.మీ.లలో కొలిచే పొడవైన దూరమంతా గాలిలో సాగుతుంది. నీటితో నిండిన కణజాలంలో ప్రయాణించవలసింది కొద్ది మైక్రోమీటర్లే. వాయునాళికలు అన్ని కణాల దాకా వెళ్లవలసిన అవసరం ఇక్కడి నుంచే వచ్చింది.

5. ఒక గొంగళిపురుగు లెక్క

విసరణ ఒక్కటే ఒక కీటకానికి సరిపోతుందా? ఈ ప్రశ్నకు కొలతలతో జవాబు చెప్పినవాడు డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్. ఆయన కాసస్ అనే మాత్ జాతి గొంగళిపురుగును ఎంచుకున్నాడు. ఇది చెట్ల కాండాన్ని తొలిచి తినే బొద్దు పురుగు. ఆయన దాని వాయునాళాల పొడవులను, అడ్డుకోత వైశాల్యాలను ఓపికగా కొలిచాడు.

ఆ పురుగు కొలతలు ఇవి:
- పొడవు 60 మి.మీ., బరువు 3.4 గ్రాములు.
- వాయునాళాల సగటు పొడవు 6 మి.మీ.
- వాయునాళాల మొత్తం అడ్డుకోత వైశాల్యం 6.7 చదరపు మి.మీ.
- ఆక్సిజన్ వినియోగం సెకనుకు 0.3 ఘనపు మి.మీ.
- గాలిలో ఆక్సిజన్ విసరణ గుణకం సెకనుకు 18 చదరపు మి.మీ.

గొట్టం గుండా ఇంత ఆక్సిజన్ విసరణ చెందాలంటే రెండు కొసల మధ్య ఎంత పీడన భేదం ఉండాలో ఈ సంబంధం చెబుతుంది:

పీడన భేదం = (ఆక్సిజన్ వినియోగం × గొట్టం పొడవు) ÷ (విసరణ గుణకం × అడ్డుకోత వైశాల్యం)

విలువలు ప్రతిక్షేపిస్తే, పైన 0.3 × 6 = 1.8; కింద 18 × 6.7 = 120.6. భాగిస్తే దాదాపు 0.015 అట్మాస్ఫియర్లు వస్తుంది. పాదరస మట్టంలో చెబితే ఇది సుమారు 11 మి.మీ.

బయటి గాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.21 అట్మాస్ఫియర్లు, అంటే సుమారు 159 మి.మీ. పాదరసం. అందులో 11 మి.మీ. మాత్రమే దారిలో తగ్గుతుంది. వాయునాళాల లోపలి కొసలో ఇంకా 148 మి.మీ. మిగిలి ఉంటుంది. కాబట్టి ఎలాంటి పంపు లేకుండానే, విశ్రాంతిలో ఉన్న ఈ గొంగళిపురుగుకు విసరణ పుష్కలంగా సరిపోతుంది.

6. అదే పురుగును పెంచి చూద్దాం

ఇప్పుడు ఈ గొంగళిపురుగును ఆకారం మారకుండా అన్ని దిశల్లో రెట్టింపు చేశామనుకోండి. పొడవు 12 సెం.మీ. అవుతుంది. బరువు ఘనంగా పెరుగుతుంది కాబట్టి ఎనిమిది రెట్లై 27 గ్రాములు అవుతుంది. ప్రతి గ్రాము కణజాలానికి ముందటిలాగే ఆక్సిజన్ కావాలనుకుంటే మొత్తం వినియోగం కూడా ఎనిమిది రెట్లు అవుతుంది. వాయునాళాల పొడవు రెండు రెట్లు, అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లు అవుతాయి.

సూత్రంలో పైన 8 × 2 = 16 రెట్లు, కింద 4 రెట్లు. అంటే కావలసిన పీడన భేదం నాలుగు రెట్లై 0.06 అట్మాస్ఫియర్లకు చేరుతుంది. ఇది ఇంకా సాధ్యమే. కొలతలు మూడింతలైతే భేదం తొమ్మిది రెట్లై 0.135 అవుతుంది. నాలుగింతలైతే పదహారు రెట్లై 0.24 అట్మాస్ఫియర్లు అవుతుంది. బయటి గాలిలో ఉన్నదే 0.21 కదా. అంటే 24 సెం.మీ. పొడవు, సుమారు 218 గ్రాముల బరువుగల అటువంటి పురుగు లోపలి కణాలకు విసరణ ద్వారా ఆక్సిజన్ అందడం అసాధ్యం.

ఈ లెక్కను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇందులో రెండు ఊహలు ఉన్నాయి, అవి రెండు వ్యతిరేక దిశల్లో పనిచేస్తాయి.

మొదటి ఊహ, గ్రాముకు కావలసిన ఆక్సిజన్ పరిమాణంతో మారదన్నది. నిజానికి పెద్ద జంతువుల్లో గ్రాముకు వినియోగం తక్కువ. మొత్తం వినియోగం బరువుకు 0.75 ఘాతంతో పెరుగుతుందని తీసుకుంటే, నాలుగింతల పురుగుకు కావలసిన భేదం పదహారు రెట్లు కాక సుమారు 5.7 రెట్లే, అంటే 0.085 అట్మాస్ఫియర్లు. అప్పుడు హద్దు మరికొంత దూరం జరుగుతుంది.

రెండో ఊహ, పురుగు ఎల్లప్పుడూ విశ్రాంతిగా ఉంటుందన్నది. వినియోగం పది రెట్లు పెరిగితే అసలు పరిమాణంలో ఉన్న 60 మి.మీ. పురుగుకే 0.15 అట్మాస్ఫియర్ల భేదం కావలసి వస్తుంది. ఎగిరే కీటకాల్లో ఆక్సిజన్ వినియోగం విశ్రాంతి స్థాయికి యాభై రెట్లకు మించి పెరగగలదు. కాబట్టి కదలని పెద్ద డింభకానికి విసరణ సరిపోవచ్చు గాని, అదే పరిమాణంలో ఎగిరే ప్రౌఢ కీటకానికి సరిపోదు.

ఈ లెక్క కచ్చితంగా చెప్పేది ఒక గరిష్ఠ పొడవును కాదు. పరిమాణం పెరిగేకొద్దీ సరఫరా కంటే అవసరం వేగంగా పెరుగుతుందన్న ధోరణిని మాత్రమే.

7. మొదటి ఉపాయం: గాలిని ఆడించడం

పెద్ద, చురుకైన కీటకాలు విసరణ ఒక్కదానిపైనే ఆధారపడవు. ఒక మిడతను సీసాలో ఉంచి పరిశీలిస్తే దాని ఉదరం లయబద్ధంగా నొక్కుకుంటూ ఉబ్బుతూ ఉండటం మీకు కనిపిస్తుంది. బొద్దింకలో పృష్ఠ ఫలకాలను ఉదర ఫలకాలతో కలిపే కండరాలు సంకోచించినప్పుడు ఉదరం నొక్కుకుని గాలి బయటికి పోతుంది. అవి సడలినప్పుడు ఉదరం తన స్థితిస్థాపకత వల్ల పూర్వస్థితికి వచ్చి గాలి లోపలికి వస్తుంది. అంటే మనకు భిన్నంగా, ఇక్కడ నిశ్వాసం కండరాల శ్రమతోనూ ఉచ్ఛ్వాసం దానంతటదిగానూ జరుగుతాయి.

మిడతలు, తేనెటీగలు, ఈగలలో వాయునాళాలు అక్కడక్కడ పలుచని గోడలుగల వాయుకోశాలుగా ఉబ్బి ఉంటాయి. వీటిలో టీనీడియాలు ఉండవు లేదా బలహీనంగా ఉంటాయి. అందుకే ఇవి కొలిమితిత్తిలా నొక్కుకుని మళ్లీ ఉబ్బగలవు. ఎగిరే సమయంలో వక్షం కదలికలు కూడా గాలిని ఆడించడానికి తోడ్పడతాయి.

ఇలా గాలిని ఆడిస్తే శ్వాసరంధ్రం నుంచి పెద్ద వాయునాళాల వరకు ఉన్న దూరం సమస్య తీరుతుంది. సూత్రంలోని ‘గొట్టం పొడవు’ ఆ మేరకు తగ్గినట్లే. కాని వాయునాళికలు కొసన మూసుకుని ఉంటాయని ముందే చదివారు. అక్కడికి గాలిని పంపు చేయడం సాధ్యం కాదు. చివరి భాగం ఎప్పుడూ విసరణదే. కాబట్టి పంపు సమస్యను పూర్తిగా తొలగించదు, శరీరం లోపలికి జరుపుతుంది.

8. రెండో ఉపాయం: ఎక్కువ చోటు కేటాయించడం

పీడన భేదాన్ని తగ్గించడానికి మరో దారి గొట్టాల అడ్డుకోత వైశాల్యాన్ని పెంచడం. పెద్ద కీటకాలు ఈ పని నిజంగానే చేస్తున్నాయా? అలెగ్జాండర్ కైజర్, జాన్ హారిసన్, వారి సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నను పరీక్షించింది. టెనెబ్రియోనిడే కుటుంబానికి చెందిన, వేర్వేరు పరిమాణాలుగల నాలుగు జాతుల పెంకుపురుగుల వాయునాళాలను వారు సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో చిత్రించారు. మన ఇళ్లలో పిండిడబ్బాల్లో కనిపించే ఎర్రని పిండిపురుగు ఈ కుటుంబానిదే.

పెద్ద జాతుల్లో శరీరంలో వాయునాళాలు ఆక్రమించే వంతు కూడా పెద్దదని తేలింది. అన్నిటికంటే స్పష్టమైన ఫలితం కాలి మొదట్లో కనిపించింది. కాలు శరీరానికి అతుక్కునే చోట గట్టి అవభాసినిలో ఒక రంధ్రం ఉంటుంది. కాలికి కావలసిన నాడులు, హీమోలింఫ్, కండరాల భాగాలు, వాయునాళాలు అన్నీ ఆ ఒక్క రంధ్రం గుండానే వెళ్లాలి. రంధ్రం వైశాల్యం శరీర బరువుకు 0.77 ఘాతంతో పెరిగితే, అందులోని వాయునాళాల వైశాల్యం 1.02 ఘాతంతో పెరుగుతోంది.

ఈ అంకెల అర్థం చూద్దాం. బరువు పది రెట్లైతే రంధ్రం సుమారు 5.9 రెట్లు పెరుగుతుంది. వాయునాళాలు మాత్రం సుమారు 10.5 రెట్లు పెరుగుతాయి. కాబట్టి బరువు పదింతలైన ప్రతిసారీ ఆ రంధ్రంలో వాయునాళాల వాటా దాదాపు 1.8 రెట్లవుతుంది. ఇలాగే సాగితే ఒక దశలో రంధ్రంలో మిగతా వాటికి చోటుండదు. రంధ్రాన్ని మరీ పెద్దది చేస్తే కాలి కీలు బలహీనమవుతుంది.

కాలి కొలతల నుంచి ఈ ధోరణిని పొడిగించి చూసినప్పుడు, ఇప్పుడు జీవించి ఉన్న అతి పెద్ద పెంకుపురుగుల పరిమాణానికి దగ్గరగా హద్దు వచ్చింది. దక్షిణ అమెరికాకు చెందిన టైటానస్ జైగాంటియస్ సుమారు 16, 17 సెం.మీ. పొడవు పెరుగుతుంది. తల భాగపు కొలతలు మాత్రం అటువంటి హద్దును సూచించలేదు. దీన్నిబట్టి వాయు వినిమయం పరిమాణాన్ని పరిమితం చేసే తీరును కొత్తగా చెప్పవచ్చు. పెద్ద కీటకానికి ఊపిరాడదని కాదు. ఊపిరాడేలా చూసుకోవడానికి శరీరంలో అది ఇవ్వవలసిన చోటు ఎక్కువవుతుంది. ఆ చోటు ముందుగా కాళ్ల వంటి ఇరుకు భాగాల్లో కరవవుతుంది.

9. నిర్మోచనాల నడుమ ఇబ్బంది

డింభకం పెరిగేటప్పుడు కూడా ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. పెద్ద వాయునాళాల ఇంటిమా అవభాసినితో ఏర్పడింది కనుక, నిర్మోచనం జరిగినప్పుడే అది ఊడిపోయి కొత్తది, మరింత వెడల్పైనది ఏర్పడుతుంది. రెండు నిర్మోచనాల నడుమ పురుగు తింటూ బరువు పెరుగుతూనే ఉంటుంది, పెద్ద గొట్టాల వెడల్పు మాత్రం దాదాపు స్థిరంగా ఉండిపోతుంది.

పొగాకు మొక్కలను తినే మాండూకా సెక్స్టా గొంగళిపురుగులపై జరిగిన పరిశోధనల్లో, ఒక దశ చివరికి వచ్చేసరికి ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిని తట్టుకునే శక్తి తగ్గుతున్నట్లు తేలింది. ఇలా ఏర్పడే ఆక్సిజన్ కొరతే తరువాతి నిర్మోచనానికి ఒక సంకేతంగా పనిచేస్తున్నట్లు ఆధారాలున్నాయి.

10. ప్రాచీన కాలపు పెద్ద కీటకాలు

కార్బోనిఫెరస్ యుగపు మెగాన్యూరా తూనీగలకు దూరపు బంధువు. దీని శిలాజాలు ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గుగనుల్లో దొరికాయి. రెక్కలు చాచినప్పుడు ఒక కొస నుంచి మరో కొసకు సుమారు 65 సెం.మీ. ఉండేది. ఇప్పటి తూనీగల వర్గంలో అతి పెద్ద వాటికి ఈ కొలత సుమారు 19 సెం.మీ. మాత్రమే. ఆ కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు 30 శాతం దాకా ఉండేదని భూరసాయనిక నమూనాలు సూచిస్తున్నాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని పాఠ్యగ్రంథాలు తరచు చెబుతాయి.

మన లెక్కతో దీన్ని పరీక్షించవచ్చు. లభ్యమయ్యే పీడనం 0.21 నుంచి 0.30కి, అంటే సుమారు 1.43 రెట్లు పెరిగింది. పీడన భేదం పొడవు వర్గంతో పెరుగుతుంది కనుక, పొడవు 1.43కు వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.2 రెట్లు మాత్రమే పెరగగలదు. వినియోగం 0.75 ఘాతంతో పెరుగుతుందనుకున్నా 1.33 రెట్లకు మించదు. కాని మెగాన్యూరా రెక్కల విస్తారం ఇప్పటి వాటికంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ.

కాబట్టి ఆక్సిజన్ పెరగడం హద్దును సడలించి ఉంటుంది గాని, అదొక్కటే పూర్తి కారణమని విసరణ లెక్క సమర్థించదు. శిలాజ రెక్కలపై 2012లో మాథ్యూ క్లాఫమ్, జెరెడ్ కార్ ప్రచురించిన అధ్యయనం కూడా ఇలాంటి జాగ్రత్తనే సూచిస్తుంది. దాదాపు 15 కోట్ల సంవత్సరాల క్రితం వరకు కీటకాల గరిష్ఠ పరిమాణం ఆక్సిజన్ స్థాయితో పాటు మారింది. పక్షులు వచ్చిన తరువాత ఆక్సిజన్ పెరిగినా కీటకాలు పెరగలేదు. వేటాడే శత్రువులు ఆ పాత్ర తీసుకున్నాయని వారి వ్యాఖ్యానం.

బాహ్యాస్థిపంజరం బరువు, నిర్మోచనం వెంటనే మెత్తగా ఉండే శరీరం తన బరువును తాను మోయలేకపోవడం కూడా ఇతర పరిమితులుగా చర్చకు వస్తాయి. ‘వాయునాళాలు ఉన్నందువల్లనే కీటకాలు చిన్నవి’ అని ఒక్క వాక్యంలో రాస్తే జవాబు అసంపూర్ణం. వాయు వినిమయం ఒక ముఖ్యమైన పరిమితి, ఏకైక పరిమితి కాదు.

11. సారాంశం

కీటకాల్లో గాలి శ్వాసరంధ్రాలు, వాయునాళాలు, వాయునాళికల గుండా నేరుగా కణాల దాకా చేరుతుంది. దూరంలో ఎక్కువ భాగం గాలిలోనే గడుస్తుంది కనుక చిన్న శరీరానికి విసరణ సరిపోతుంది. క్రోగ్ గొంగళిపురుగులో దీనికి కావలసిన పీడన భేదం సుమారు 11 మి.మీ. పాదరసం మాత్రమే. ఆకారం మారకుండా శరీరం పెరిగితే ఈ భేదం పొడవు వర్గంతో పెరుగుతుంది. ఉదర చలనాలు, వాయుకోశాలు ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తాయి, కాని మూసుకున్న కొసల దగ్గర విసరణే మిగులుతుంది. వెడల్పైన గొట్టాలకు శరీరంలో ఎక్కువ చోటు, తెరిచిన శ్వాసరంధ్రాలకు నీరు మూల్యంగా చెల్లించవలసి ఉంటుంది.

12. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బొద్దింక తలను నీటిలో ముంచినా దానికి ఊపిరి ఎందుకు ఆగదు?
2. వాయుకోశాల్లో టీనీడియాలు బలహీనంగా ఉండటం వల్ల ప్రయోజనమేమిటి?
3. క్రోగ్ గొంగళిపురుగు కొలతలన్నీ రెండున్నర రెట్లైతే, గ్రాముకు ఆక్సిజన్ వినియోగం మారదనుకుని, కావలసిన పీడన భేదాన్ని లెక్కించండి.
4. పెంకుపురుగు కాలి రంధ్రంలో వాయునాళాల వాటా బరువుతోపాటు పెరగడాన్ని వివరించండి.

జవాబుల సూచనలు

1. శ్వాసరంధ్రాలు వక్షం, ఉదరాల పక్కల ఉంటాయి, తలపై ఉండవు.
2. గోడలు సులభంగా నొక్కుకుని ఉబ్బగలవు కనుక గాలి కదులుతుంది.
3. భేదం 2.5 × 2.5 = 6.25 రెట్లవుతుంది. 0.015 × 6.25 = సుమారు 0.094 అట్మాస్ఫియర్లు.
4. భాగం 8 చూడండి. రెండు ఘాతాంకాలను పోల్చి రాయండి.